చదును నేల పేరు

పాకాలలో మా పొరుగింటివారికి మనుమరాలు పుట్టింది. ఏడవనాడు అఖీఖా. ఆడబిడ్డ కనుక ఒక మేకపోతును జిబహ్ చేశారు. పసిదాని తల వెంట్రుకలు తీసి, వాటి తూకానికి సరిపడే వెండి వెలను పేదలకిచ్చేందుకు వేరుగా ఉంచారు. పేరును పుట్టిన రోజుననే పెట్టినా తప్పులేదు. దైవప్రవక్త (స) తమ కుమారుడు ఇబ్రాహీంకు పుట్టిన రాత్రే పేరు పెట్టారు. ఈ ఇంటివారు మాత్రం ఏడవనాటి వరకు ఆగారు. దానికి కారణం బిడ్డ దాదా.

చనిపోయిన దాదీ పేరే పెడతారని బంధువులందరూ అనుకున్నారు. అందుకే పెద్దాయన లేచి "సహ్లా" అని ప్రకటించగానే ఆడవారి వైపు గుసగుసలు మొదలయ్యాయి. ఆయన కుర్చీ పట్టుకుని నిలబడి, కారణం చెబుతానన్నారు.

"నాకు గుట్టకింద రెండెకరాలు ఉన్నాయి. సగం రాళ్ళు. అక్కడ వేరుశనగ వేస్తే నాగలి అడుగడుగునా తట్టుకుంటుంది. అటువంటి గరుకు నేలను అరబ్బీలో 'హజ్న్' అంటారు. మెత్తని చదును నేలను 'సహ్ల్' అంటారు. ఖురైషులలో మఖ్జూం వంశస్థుడొకరికి హజ్న్ అనే పేరు ఉండేది. ఆయన దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చినప్పుడు ఆయన పేరడిగి, ఇకపై నీవు సహ్ల్‌వి అన్నారు. తండ్రి పెట్టిన పేరు మార్చుకోనని ఆయన బదులిచ్చారు. చదును నేలను అందరూ తొక్కుతారు, చులకన చేస్తారు అన్నారని మరో ఉల్లేఖనంలో ఉంది. ఈ సంగతి మనకు చెప్పింది ఎవరో తెలుసా? ఆయన మనుమడే. మదీనాలో గొప్ప విద్వాంసుడైన హజ్రత్ సయీద్ బిన్ ముసయ్యబ్ (రహ్మ). ఆ కరకుదనం ఆ తర్వాత కూడా తమ కుటుంబాన్ని వదలలేదని ఆయనే చెప్పుకున్నారు."

ముందు వరుసలో కూర్చున్న మౌల్వీ సాహెబ్ ఇక్కడ ఒక మాట అందించారు. అది సలహాయే గాని ఆజ్ఞ కాదని, అందుకే దైవప్రవక్త (స) బలవంతం చేయలేదని వివరించారు. పెద్దాయన తల ఊపారు.

"నిజమే. పేరు తాయెత్తు కాదు. సుహైల్ అనే పేరు కూడా ఈ సహ్ల్ నుంచి వచ్చిందే. హిజ్రీ 6వ సంవత్సరం హుదైబియాలో సుహైల్ బిన్ అమ్ర్ ఖురైషుల దూతగా వచ్చినప్పుడు, పని సులువవుతుందని దైవప్రవక్త (స) ఆ పేరును శుభసూచకంగా గ్రహించారు. ఆయన మాత్రం ఒప్పందంలో 'రసూలుల్లాహ్' అనే మాటను కూడా రాయనీయలేదు. అంతటి పట్టుదల మనిషి! సంధి కుదిరింది. మక్కా విజయం తర్వాత ఆయనా ఇస్లాం స్వీకరించారు. కానీ ఆయన కూతురు తండ్రికంటే ఎన్నో ఏళ్ళ ముందే విశ్వసించి, భర్త అబూ హుజైఫా (రజి)తో కలిసి అబిసీనియాకు వలసవెళ్ళింది. ఆమె పేరే సహ్లా (రజి). నా మనుమరాలి పేరు అక్కడి నుంచి తెచ్చాను."

అంతటితో ప్రసంగం ముగిసిందనుకున్నాం. ఆయన కూర్చోలేదు.

"ఆ రెండెకరాల గట్టు విషయమై నా తమ్ముడితో పదకొండేళ్ళుగా మాటల్లేవు. గట్టు జానెడు జరిగిందన్నాను, జరగలేదన్నాడు. మధ్యవర్తులు వచ్చిన ప్రతిసారీ తగ్గితే తొక్కేస్తారనుకున్నాను. హజ్న్ చెప్పిన మాటే నేనూ చెప్పాను. ఆ హదీసు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా కొడుకులు అప్పుడే నా ధోరణిలో మాట్లాడుతున్నారు. ఈ బిడ్డకు మాత్రం ఇది అంటకూడదు. దాదీ పేరు పెట్టలేదని నొచ్చుకున్నవారు నన్ను మన్నించండి."

గుసగుసలు ఆగిపోయాయి. ఒక ముసలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

భోజనాల వేళ ఆయన కొడుకును పిలిచి మరో సంగతి పురమాయించారు. జనన ధృవపత్రంలో పేరు ఇంకా చేర్చలేదు. పేరు లేకుండా నమోదైన జననానికి ఏడాదిలోపు రుసుము లేకుండానే పేరు చేర్చుకోవచ్చు. కాగితం మీద 'సహ్లా' అని స్వయంగా రాసిచ్చి, 'సహాలా' అనో 'సాలా' అనో రాస్తే అక్కడే దిద్దించమన్నారు. ఉర్దూలో సీన్ తర్వాత చిన్న 'హే' రాయాలని, పెద్ద 'హే' రాస్తే వేరే పదమవుతుందని కూడా చెప్పారు. బడిలో చేరేటప్పుడు ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉండి తిప్పలు పడే పిల్లలను చూసినవాణ్ణి కనుక ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

మాంసం పంపకాలు జరుగుతుండగా ఆయన ఒక గిన్నెడు పక్కకు తీయించారు. మనుమడు చేయి చాచితే ఇవ్వలేదు. చెప్పులు వేసుకుని, మూత పెట్టిన గిన్నెను రెండు చేతులా పట్టుకుని, తమ్ముడి ఇల్లున్న వీధి వైపు తానే నడిచారు. మలుపు దగ్గర ఒకసారి ఆగారు. మళ్ళీ నడిచారు.