మంచం పట్టిన అవ్వ నడుము కింద ఎర్ర మచ్చ: పూత మందు కన్నా ముందు చేయాల్సిన పని

నేను కుప్పం చుట్టుపక్కల ఊర్లలో ఇండ్లకు పోయి, మంచం పట్టిన వాళ్లకు నర్సింగ్ చేస్తుంటాను. ఈ ఎపిసోడ్‌లో ఒకే విషయం మాట్లాడుకుందాం. ఇంట్లో పెద్దాయనో పెద్దామెనో మంచంలో పడ్డాక, నడుము కింద వెన్ను చివర ఎర్రగా ఒక మచ్చ వస్తుంది కదా, దాని గురించి.

ఒక ఇంటి సంగతి చెప్తాను. పేరు, ఊరు చెప్పను. అవ్వకు డెబ్బై ఎనిమిదేళ్లు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి పది రోజులైంది. మనవడు పొద్దున్నే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోతాడు, రాత్రికి వస్తాడు. పగలంతా కోడలు ఒక్కతే. ఒకరోజు ఆ పిల్లోడు నాకు ఫోన్‌లో ఫొటో పంపించి, "అక్కా, అవ్వ నడుము కింద ఎర్రగా అయింది. అమ్మ రోజూ కొబ్బరినూనె పెట్టి బాగా రుద్దుతా ఉంది. ఏ ఆయింట్‌మెంట్ తేవాలి?" అని అడిగినాడు.

నేను చెప్పిన మొదటి మాట: "ఆయింట్‌మెంట్ తర్వాత చూద్దాం, ముందు రుద్దడం ఆపండి."

ఆ మచ్చ ఎందుకు వస్తుంది?

మన వేలిగోరును గట్టిగా నొక్కితే తెల్లబడుతుంది, వదిలితే మళ్లీ ఎరుపొస్తుంది. నొక్కినంతసేపు అక్కడికి రక్తం రాదు. వెల్లకిలా పడుకున్న మనిషికి వెన్ను చివరి ఎముక దగ్గర జరిగేది కూడా ఇదే. పైన ఎముక, కింద మంచం, మధ్యలో చర్మమూ కండా నలుగుతాయి. మనమైతే నిద్రలో కూడా తెలియకుండానే పక్కకు దొర్లుతాం. అవ్వ దొర్లలేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లోపల ఎముకను ఆనుకున్న కండే చర్మం కన్నా ముందు దెబ్బతినొచ్చు. అంటే పైన చిన్న మచ్చ కనిపించేసరికి లోపల అంతకన్నా ఎక్కువ నలిగి ఉండొచ్చు. అందుకే రుద్దొద్దు అన్నాను. అప్పటికే నలిగిన చోటును ఇంకా నలిపినట్టు అవుతుంది.

వేలితో నొక్కి చూడండి

అవ్వను పక్కకు తిప్పి, మచ్చ మీద వేలితో మూడు సెకన్లు మెత్తగా నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఇంకా ఆడుతోందని అర్థం. బరువు తీస్తే అరగంటలో ఆ ఎరుపు తగ్గాలి. నొక్కినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది పుండుకు మొదటి దశ. చర్మం చిట్లలేదు కదా అని ఊరుకోవద్దు.

మన చర్మం రంగు మీద ఎరుపు సరిగా తెలియదు. అప్పుడు చేతి వెనక భాగం ఆనించి చూడండి. చుట్టూ ఉన్న చోటు కన్నా వేడిగా గానీ చల్లగా గానీ, గట్టిగా గానీ మెత్తగా గానీ, లేదా కొంచెం నల్లగా ఉందా? ముట్టుకుంటే అవ్వ మూలుగుతోందా? ఉంటే అదీ అదే లెక్క. ఊదారంగు తిరిగితే లోపల బాగా దెబ్బతినిందని, అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఈ అవ్వ మచ్చ రూపాయి బిళ్ల అంత ఉంది. నొక్కితే తెల్లబడలేదు.

తిప్పడం: రెండు గంటలకొకసారి

రెండో ప్రపంచ యుద్ధం కాలంలో, 1944లో, ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టర్ వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు వైద్యం మొదలుపెట్టినాడు. అప్పట్లో అట్లాంటి వాళ్లను ఈ పుండ్లే చంపేసేవి. ఆయన పెట్టిన నియమం ఏమంటే, పగలూ రాత్రీ రెండు గంటలకొకసారి మనిషిని తిప్పాల్సిందే. ఇప్పుడు ఆసుపత్రుల్లో నడిచే పద్ధతికి అదొక మూలం.

అయితే రెండు గంటలనేది అందరికీ ఒకే లెక్క కాదు. తిప్పిన తర్వాత ఆనుకున్న చోటు చూడండి. ఎరుపు అరగంటలో పోకపోతే ఆ మనిషికి రెండు గంటలు ఎక్కువని అర్థం, గంటన్నరకే తిప్పాలి. గాలి పరుపు వేసి, చర్మం బాగుంటే రాత్రిపూట మూడు నాలుగు గంటలకు పొడిగించొచ్చు. గాలి పరుపు ఉంది కదా అని తిప్పడం మానేస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తాం.

ఎట్లా తిప్పాలి? పూర్తిగా పక్కకు తిప్పి పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది, అక్కడ కొత్త పుండు లేస్తుంది. కొంచెం ఒరిగినట్టు, ముప్పై డిగ్రీలు చాలు. వీపు వెనక, పిరుదు కింద ఒక దిండు దోపండి. తర్వాత వెన్ను చివర కిందికి మీ అరచేయి పెట్టి చూడండి. ఎముక మంచానికి తగలకుండా ఉంటే సరిగ్గా పెట్టినట్టు. మోకాళ్ల మధ్య ఇంకో దిండు. పిక్కల కింద ఒక దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేట్టు చూడండి. పడిపోయిన వైపు భుజం ఒంటి కింద నలగకుండా చేయి ముందుకు తీసి పెట్టండి.

పైకి జరపాలంటే చంకల్లో చేతులు పెట్టి ఈడ్చొద్దు. ఈడ్చినప్పుడు చర్మం పరుపుకు అంటుకుని ఉండిపోతుంది, ఎముక మాత్రం జరుగుతుంది, లోపల చిన్న రక్తనాళాలు తెగుతాయి. పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి భుజాల నుంచి తొడల దాకా ఒంటి కింద పరచండి. ఇద్దరు చెరో పక్క పట్టుకుని కొంచెం లేపి జరపండి. తర్వాత ముడతలు సరిచేయండి.

ఒక చెల్లెలు అడిగింది, "అన్నం పెట్టేటప్పుడు కూర్చోబెట్టాలి కదక్కా?" అని. పెట్టాలమ్మా. పక్షవాతం వాళ్లకు పడుకోబెట్టి పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు మోకాళ్ల కింద దిండు పెట్టి, తర్వాత తలవైపు లేపితే కిందికి జారరు. తిన్నాక అరగంట అట్లనే ఉంచి, మెల్లగా దించి పక్కకు ఒరిగించండి. గంటల తరబడి కూర్చోబెట్టొద్దు, ఆ బరువంతా మచ్చ మీదే పడుతుంది.

ఆ పిల్లోడు ఏం చేసినాడంటే, అమ్మ ఫోన్‌లో రెండు గంటలకొక అలారం పెట్టి, ఒక్కోదానికి "కుడి", "ఎడమ" అని పేరు రాసినాడు. రాత్రి అలారాలు తన ఫోన్‌లో పెట్టుకున్నాడు. మచ్చ మానేదాకా వెల్లకిలా పడుకోబెట్టడం పూర్తిగా బంద్.

చర్మం పొడిగా ఉండాలి, ఎండిపోకూడదు

మూత్రంలో నానిన చర్మం తొందరగా చిట్లుతుంది. డైపర్‌ను రాత్రికొకసారి కాదు, తిప్పిన ప్రతిసారీ చూడాలి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి, తుడవొద్దు. తర్వాత జింక్ ఆక్సైడ్ క్రీమ్ గానీ వ్యాజిలిన్ గానీ పలుచగా పూయండి. మిగతా ఒంటికి కొబ్బరినూనె రాయొచ్చు, అది కూడా రుద్దకుండా. డెట్టాల్, స్పిరిట్ చర్మాన్ని ఎండగొడతాయి. పౌడర్ తడిలో ఉండకట్టి ఇసుకలాగా గీస్తుంది. మధ్యలో బొక్క ఉండే గాలి రింగు మెడికల్ షాపులో అమ్ముతారు, అది కూడా వద్దు. ఆ రింగు అంచు చుట్టూ నొక్కి మధ్యలోకి రక్తం రాకుండా చేస్తుంది.

చర్మం ఊడితే కట్టు

ఈ అవ్వకు నాలుగో రోజు మచ్చ మధ్యలో పొర ఊడి, ఎర్రగా తడిగా కనిపించింది. అది రెండో దశ. ఇంటివాళ్లు పసుపు తెచ్చినారు, నేను ఆపినాను. పసుపు పుండు రంగును కప్పేస్తుంది. అది బాగవుతోందో చెడుతోందో మనకు తెలియకుండా పోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్తగా వచ్చే పొరను కూడా కాల్చేస్తుంది.

చేసింది ఇంతే. చేతులు సబ్బుతో కడుక్కుని, మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో పుండు కడిగినాం. సీసా తెరిచాక ఇరవై నాలుగు గంటలు దాటితే పారేయాలి. చుట్టూ అద్ది ఆరబెట్టి, ఫోమ్ డ్రెస్సింగ్ వేసినాం. అది పుండు అంచు దాటి అన్ని పక్కలా రెండు మూడు సెంటీమీటర్లు ఉండాలి. తడి బయటికి రాకపోతే, అంచు లేవకపోతే, మూడు నాలుగు రోజులు కదపక్కర్లేదు. కొనలేనివాళ్లు పారాఫిన్ గాజ్ వేసి, పైన మామూలు గాజ్ పెట్టి రోజూ మార్చొచ్చు. పొడి దూది నేరుగా పెడితే అంటుకుని, తీసేటప్పుడు కొత్త చర్మాన్ని లాక్కొస్తుంది.

తిండి కూడా కట్టులో భాగమే. పుండు నుంచి మాంసకృత్తులు కారిపోతుంటాయి. ఒట్టి రాగి సంగటి, చారు సరిపోదు. రోజుకు రెండు గుడ్లు, పప్పు, ఉలవలు, పెరుగు పెట్టినాం, మింగగలిగేట్టు మెత్తగా చేసి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత తినాలో డాక్టరును అడగండి. షుగర్ ఉంటే అది అదుపులో లేకుండా ఏ పుండూ మానదు.

వారానికి రెండుసార్లు, కట్టు మార్చేటప్పుడు, ఒకే వెలుతురులో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయమన్నాను. అది నర్సుకో డాక్టరుకో చూపించడానికి మాత్రమే, కుటుంబం గ్రూపులో పెట్టడానికి కాదు.

ఇక్కడ నా పొరపాటు కూడా చెప్పాలి. అందరం నడుము మీదే దృష్టి పెట్టినాం. రెండో వారంలో చూస్తే కుడి మడమ నల్లబడుతోంది. దిండు జారి మడమ పరుపుకు ఆనుతోంది, నేను చూడలేదు. అప్పటి నుంచి తిప్పిన ప్రతిసారీ మడమలు, తుంటి, మోచేతులు, చెవులు కూడా చూడటం మొదలుపెట్టినాం. మడమ నెమ్మదించింది. నడుము పుండు ఐదు వారాలకు మూసుకుంది. అక్కడ చర్మం ఇంకా లేతగా ఉంది కాబట్టి అలారాలు ఇప్పటికీ మోగుతున్నాయి.

ఇంట్లో ఉంచకూడని పుండు

గుంట పడినా, లోపల పసుప్పచ్చగా గానీ నల్లగా గానీ ఉన్నా, ఎముక కనిపించినా, చీము, కంపు ఉన్నా, చుట్టూ ఎరుపు పాకుతున్నా డాక్టరుకు చూపించాలి. కుప్పంలో ఏరియా ఆసుపత్రి ఉంది, పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. జ్వరం, చలి, మత్తుగా పడిపోవడం, మాట తడబడటం కొత్తగా వస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. విషం రక్తంలోకి ఎక్కుతోందేమో. రెండు వారాలు అన్నీ సరిగ్గా చేసినా పుండు చిన్నది కాకపోతే అప్పుడు కూడా చూపించండి.

మీ ఇంట్లో మంచంలో ఎవరైనా ఉంటే, ఈ వీడియో ఆపి ఇప్పుడే పోయి పక్కకు తిప్పి నడుము కింద, మడమలు చూడండి. మచ్చ ఉంటే వేలితో నొక్కి చూసి, తెల్లబడిందో లేదో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మూత్రం పైపు ఉన్నవాళ్లను ఇంట్లో ఎట్లా చూసుకోవాలో మాట్లాడుకుందాం. ఉంటాను.