ఊడిన అతుకు చెప్పే సంగతి

కుర్చీ కాలు ఊగుతోందంటే చాలా ఇళ్లలో చేసే పని ఒకటే. సందులో తెల్ల ఫెవికాల్ పోసి, తాడు బిగించి కట్టి, మర్నాడు కూర్చుంటారు. కొన్నాళ్లకు కాలు మళ్లీ ఊగుతుంది. జిగురు మంచిది కాదనుకుని ఇంకో రకం కొంటారు. కొనే ముందు ఊడిన అతుకును పూర్తిగా బయటికి లాగి, వెలుతురులో చూడాలి. జిగురుకు చెక్క పీచులు అంటుకుని లేచివచ్చాయంటే జిగురు బాగానే పట్టింది, చెక్కే చీలింది. అలా కాక, ఒకవైపు నున్నటి పొర మెరుస్తూ, రెండోవైపు చెక్క శుభ్రంగా కనిపిస్తే జిగురు అసలు పట్టలేదు. పాత కుర్చీల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే.

తెల్ల జిగురంటే నీళ్లలో కలిసి ఉన్న సన్నటి ప్లాస్టిక్ రేణువులు. చెక్క ఆ నీటిని పీల్చుకుంటుంది. మిగిలిన రేణువులు దగ్గరికి జరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి పొర కడతాయి. అంటే నీళ్లు పోవడానికి దారి ఉండాలి. పాత జిగురు పొర చెక్క రంధ్రాలను మూసేసి ఉంటే కొత్త జిగురు ఆ పొర మీదే ఆరుతుంది తప్ప చెక్కలోకి దిగదు. రెండు స్టీలు ముక్కల మధ్య పూస్తే నీళ్లు ఎటూ పోలేక మధ్యలో తడిగానే ఉండిపోతుంది.

కాబట్టి టేకు కుర్చీకి ముందు చేయాల్సింది గోకడం. కాలి బెజ్జంలోనూ, అందులోకి దిగే అడ్డుకర్ర కొస మీదా ఉన్న పాత పొరను ఉలితో, గరుకు కాగితంతో పచ్చి చెక్క కనిపించేదాకా తీసేయాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక అతికించే ముందు థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిస్తే మంచిది. అప్పుడు జిగురు లేకుండానే కొసను బెజ్జంలో పెట్టి చూడాలి. చేత్తో నొక్కితే బిగుతుగా దిగితే తెల్ల జిగురే చాలు: రెండువైపులా పలచగా పూసి, క్లాంపుతో బిగించి, మర్నాటిదాకా బరువు పెట్టకుండా వదిలేయాలి. వదులుగా జారిపోతే మాత్రం అది పనికిరాదు. నీళ్లు పోయే కొద్దీ ఆ జిగురు కుంచించుకుపోతుంది, సందు నిండదు.

అలాంటి చోట ఎపాక్సీ వాడాలి. దాని రెండు ట్యూబుల్లో ఒకటి రెజిన్, ఇంకోటి హార్డెనర్. అవి కలిసినప్పుడు జరిగే రసాయన చర్య వల్లే గట్టిపడుతుంది, నీళ్లు ఆవిరవడం వల్ల కాదు. అందుకే పెద్దగా కుంచించుకోదు, సందును నింపుతుంది, ఇనుము, రాయి, గాజులాంటి నీరు పీల్చని వాటినీ పట్టుకుంటుంది. కొలత మాత్రం తయారీదారు చెప్పినట్టే ఉండాలి. హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా బిగుస్తుందన్నది అపోహ. జోడీ దొరకని భాగం జిడ్డుగానే మిగులుతుంది. ఆరిన తర్వాత కూడా వేలికి అంటుకుంటుంటే కొలత తప్పిందనో, సరిగా కలపలేదనో అర్థం. మామూలు ఎపాక్సీకి వేడి పడదు, స్టవ్ పక్కన వాడకూడదు. పాలీప్రొపిలీన్ బకెట్లు, కుర్చీల ప్లాస్టిక్‌కైతే ఇది కూడా గట్టిగా పట్టదు.

అయినా వదులు కుర్చీకి నేనైతే ముందుగా పలచటి టేకు చెక్కపేడును కొసకు తెల్ల జిగురుతో అతికించి, ఆరాక సరిపడా చెక్కి, తర్వాతే బిగించమంటాను. చెక్కకు చెక్క ఆనుకుంటే అతుకు మీద భారం తగ్గుతుంది.

సన్‌మైకా లాంటి వెడల్పాటి రేకును మొత్తం బల్ల మీద క్లాంపులతో బిగించడం ఇంట్లో సాధ్యం కాదు. అందుకే కాంటాక్ట్ జిగురు. దాన్ని రెండువైపులా పూసి, వేలికి అంటనిదాకా ఆగి, అప్పుడు కలపాలి. తాకిన క్షణమే పట్టేస్తుంది, మళ్లీ జరపడానికి వీలుండదు. తొందరపడి తడిగా మూసేస్తే లోపల చిక్కుకున్న థిన్నర్ ఆవిరి రేకును బుడగలా లేపుతుంది. తర్వాత గట్టిగా, ముఖ్యంగా అంచుల వెంట, రోలర్‌తో నొక్కాలి. పొర రబ్బరులా మెత్తగా ఉంటుంది కనుక కుర్చీ కాలికి ఎప్పుడూ వాడకూడదు: నిరంతర బరువుకు మెల్లగా జారుతుంది. దాని ఆవిరికి నిప్పు అంటుకుంటుంది కాబట్టి కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి పని చేయాలి.

వానకు తడిసే బయటి బల్లకు పాలీయురేథేన్ జిగురు సరిపోతుంది. అది గాలిలో, చెక్కలో ఉన్న తేమతో చర్య జరిపి గట్టిపడుతుంది. చెక్క బాగా ఎండి ఉంటే ఒకవైపు తడిగుడ్డతో కొద్దిగా తుడవాలి. ఆరేటప్పుడు నురగలా పొంగి సందులోంచి బయటికి వస్తుంది. అది చూసి సందు నిండిందని సంతోషించకూడదు, ఆ నురగ నిండా గాలి బుడగలే, బలం ఉండదు. పలచటి బిగుతైన అతుకులోనే దాని బలమంతా. క్లాంపు లేకపోతే ఆ పొంగే జిగురే ముక్కలను విడదీస్తుంది.