ఐ-20
అమెరికా యూనివర్సిటీ పంపే ఈ పత్రంలోని ఖర్చు తరచూ మొత్తం కోర్సుది కాదు. ఎన్ని నెలలకో అందులోనే రాసి ఉంటుంది, కన్ను అక్కడ పడదంతే. కరీంనగర్ విద్యార్థికి 9 నెలలకు ఫీజు 20,000, బస, భోజనాలకు 12,000 డాలర్లు చూపారనుకుందాం. డాలరు 90 రూపాయలైతే 28.8 లక్షలు. కానీ కోర్సు నాలుగు సెమిస్టర్లు. యూనివర్సిటీ ఫీజుల పట్టికలో సెమిస్టర్‌కు 10,000 ఉంటే ఫీజే 40,000. అదే లెక్కన 21 నెలల బసకు 28,000. మొత్తం 61.2 లక్షలు! అంబేడ్కర్ విదేశీ విద్యానిధి గరిష్ఠంగా ఇచ్చేది 20 లక్షలు. మిగతాది అప్పో, పొలమో. రేటు కూడా ఇంటర్నెట్‌లో కనిపించేది కాదు, బ్యాంకు డాలరు అమ్మే రేటే వేసుకోవాలి. అది ఒక్క రూపాయి పెరిగినా అదనపు భారం 68,000 రూపాయలు.