ఎడమ క్లిప్పు చెల్లెలా, కుడి క్లిప్పు అక్కా?

వాలి సుగ్రీవులు మొదటిసారి కలబడినప్పుడు రాముడు బాణం వెయ్యలేకపోయాడు. ఇద్దరూ ఒకే పోలిక. ఎవరు మిత్రుడో ఎవరు శత్రువో తేలలేదు. దెబ్బలు తిని వచ్చిన సుగ్రీవుడు నిష్ఠూరమాడాక, కొండచరియలో పూసిన గజపుష్పి తీగ తెచ్చి అతని మెడలో వెయ్యమని రాముడు లక్ష్మణుడికి చెప్పాడు. రెండోసారి గురి తప్పలేదు. వాళ్లు కవలలు కారు కానీ, కవలల బొమ్మలు గీసే ప్రతి చిత్రకారుడికీ ఎదురయ్యే చిక్కు అచ్చంగా ఇదే. చూసేవాడికి క్షణంలో ఆనవాలు దొరకాలి. అది దూరం నుంచీ కనిపించాలి, మనుషులు కదులుతున్నా కనిపించాలి.

నిజమైన కవలలను నాలుగు రోజులు చూస్తే ఎవరెవరో తెలిసిపోతుంది. గొంతులోనో నడకలోనో ఏదో తేడా పట్టిస్తుంది. బొమ్మల్లో ఆ సాయం ఉండదు. కామిక్స్‌లో ముఖమంటే రెండు కళ్లు, ఒక ముక్కు గీత, ఒక నోటి గీత. వేరువేరు మనుషుల్ని వేరుగా చూపించడానికే చిత్రకారుడు జుట్టు మీదా బట్టల మీదా ఆధారపడతాడు. అలాంటి చోట కవలల్ని గీస్తే వాళ్లు నిజంగానే ఒకే బొమ్మ అయిపోతారు. అందుకే తేడాను కావాలని పెట్టాలి. ఎంత తేడా పెట్టాలి? కథకు ఎంత అవసరమో అంత. ఈ లెక్క బాగా తెలిసినవాడు టిన్‌టిన్ సృష్టికర్త, బెల్జియం చిత్రకారుడు హెర్జె.

ఇంగ్లిష్ టిన్‌టిన్ పుస్తకాలు చదివినవాళ్లకు థాంసన్, థాంప్సన్ గుర్తుండే ఉంటారు. నల్ల సూటు, గుండ్రటి టోపీ, చేతికర్ర, తడబాటు మాటలు, అన్నీ ఇద్దరికీ ఒకటే. ఫ్రెంచి మూలంలో వీళ్లు డ్యూపాన్‌లు. పేర్లలో చివరి అక్షరం ఒక్కటే తేడా, అది కూడా పలకరు. ఇంటిపేర్లు వేరు కాబట్టి అన్నదమ్ములు కారు, పోలిక మాత్రం కవలలదే. 1930ల మొదట్లో వచ్చిన ‘సిగార్స్ ఆఫ్ ది ఫారో’ కథలో అడుగుపెట్టినప్పుడు వాళ్లకు పేర్లే లేవు, గూఢచారుల్లా సంకేత సంఖ్యలు మాత్రం ఉండేవి. హెర్జె తండ్రి అలెక్సీ, బాబాయి లియోన్ కవలలే, అచ్చుగుద్దినట్టుండే కవలలు. ఒకేలా బట్టలు తొడుక్కుని, టోపీలు పెట్టుకుని తిరిగేవారు. అంటే ఆ జంట కోసం హెర్జె దూరం వెతుక్కోనక్కర్లేదు.

వీళ్లిద్దర్నీ విడదీసేది మీసం. థాంప్సన్ మీసం కొసలు తిన్నగా కిందికి దిగి ఆగిపోతాయి. థాంసన్ మీసం కొసలు పక్కకు విచ్చుకుని కాస్త పైకి లేస్తాయి. అంతే. ఒక మూల వంపు, ఒక మూల వంపు లేకపోవడం. పుస్తకం దగ్గరగా పట్టుకుని చూస్తే తెలుస్తుంది. వీధిలో దూరంగా నడిచొస్తున్న రెండు చిన్న బొమ్మలుగా ఉన్నప్పుడు ఆ వంపు కలం కొనంత కూడా ఉండదు. వెనక్కి తిరిగితే మీసమే కనిపించదు. మరి ఇంత బలహీనమైన గుర్తుతో హెర్జె ఎలా నెట్టుకొచ్చాడు?

ఎందుకంటే కథకు ఆ తేడాతో పని లేదు. ఒకడు అన్నమాటనే రెండోవాడు తిప్పి అంటాడు, ఒకడు జారిపడితే రెండోవాడూ పడతాడు. ఎవరు ముందు పడ్డారో పొరబడితే పాఠకుడికి పోయేదేమీ లేదు. ఆ మీసం వంపు కథ కోసం కాదు, నిదానంగా చూసే పిల్లల కోసం. ఒకసారి పట్టుకున్నాక ప్రతి గడిలోనూ వెతకడం ఒక ఆట అవుతుంది. ‘ల్యాండ్ ఆఫ్ బ్లాక్ గోల్డ్’లో ఇద్దరూ తెలియక ఏవో మాత్రలు మింగుతారు. జుట్టూ గడ్డమూ ఆగకుండా పెరిగిపోతాయి. మీసం గడ్డంలో కలిసిపోయి గుర్తు కాస్తా మాయమవుతుంది. అయినా కథ ఆగదు, నవ్వూ ఆగదు. గుర్తు పోతే కథ కుంటుతుందా లేదా అన్నది మంచి పరీక్ష.

డిస్నీ వాళ్ల చిప్, డేల్ ఉడతలది వేరే దారి. 1943లో ‘ప్రైవేట్ ప్లూటో’ అనే పొట్టి చిత్రంలో కనిపించినప్పుడు వాళ్లకు పేర్లూ లేవు, తేడా కూడా లేదు. రెండు అల్లరి ఉడతలు, అంతవరకే. 1947 చిత్రంలో పేర్లతోపాటు స్వభావాలూ వచ్చాయి. ఒకడు తెలివిగా ఎత్తు వేసేవాడు, రెండోవాడు దాన్ని చెడగొట్టేవాడు. ఇప్పుడు ఎవరు ఎవరో తెలియకపోతే హాస్యమే పండదు. అందుకని గుర్తులూ పెద్దవయ్యాయి. చిప్‌కు చిన్న నల్ల ముక్కు, మధ్యలో ముందుకొచ్చిన పళ్లు. డేల్‌కు పెద్ద ఎర్ర ముక్కు, ఎడంగా రెండు పళ్లు, చెదిరిన జుట్టు. ముక్కు ఎంత మంచి ఎన్నికో గమనించాలి. అది ముఖానికి నట్టనడుమ ఉంటుంది. ఎదురుగా చూసినా, పక్కనుంచి చూసినా, అటు తిరిగినా ఇటు తిరిగినా కనిపిస్తుంది. మీసమూ అంతే, దానికి కుడిఎడమల పేచీ లేదు.

పేచీ అంతా హెయిర్ క్లిప్పు దగ్గరే. జపాన్ కామిక్స్‌లో, అంటే మాంగాలో, కవల అక్కచెల్లెళ్లను గీసేటప్పుడు ఒకరికి ఎడమవైపూ ఒకరికి కుడివైపూ క్లిప్పు పెట్టడం బాగా అలవాటైన పద్ధతి. ‘రీ:జీరో’ కథలోని రామ్, రెమ్ దీనికి పేరుమోసిన ఉదాహరణ. ఇద్దరూ ఒకే భవంతిలో పనిచేసే కవలలు, ఒకే దుస్తులు, ఒకే పొట్టి జుట్టు. అక్క రామ్ జుట్టు గులాబీ రంగు, ముంగురులు ఎడమకంటిని కప్పుతాయి. చెల్లెలు రెమ్ జుట్టు నీలం, ముంగురులు కుడికంటిని కప్పుతాయి. క్లిప్పులు కూడా ఎదురెదురు వైపులే. పక్కపక్కన నిలబడితే ఒకరు అద్దం ముందున్నట్టు, ఒకరు అద్దంలో ఉన్నట్టు ఉంటారు. చూడముచ్చటైన ఏర్పాటే, అందులో సందేహం లేదు.

కానీ ఇందులో ఉన్న గుర్తుల్లో ఏది గట్టిది? రంగు బొమ్మలో రంగే. నలుపు తెలుపు పేజీలో గులాబీ, నీలం రెండూ బూడిదరంగుకు దిగిపోతాయి. మాంగా చిత్రకారులు జుట్టు మీద చుక్కల కాగితం అంటించి, ఇద్దరికీ వేరువేరు ముదురు వేస్తే తప్ప కన్ను పోల్చుకోలేదు. అలా వెయ్యకపోతే మిగిలేది వైపు ఒక్కటే. ఆ వైపే మోసం చేస్తుంది.

ఒక పేజీ ఊహించుకుందాం. అక్కకు కుడి క్లిప్పు, చెల్లెలికి ఎడమ క్లిప్పు, మరే తేడా లేదు. మొదటి గడిలో ఇద్దరూ ఎదురుగా ఉన్నారు, ఇబ్బంది లేదు. రెండో గడిలో అక్క కిటికీ వైపు తిరిగింది. మనకు ఆమె ఎడమ చెంప కనిపిస్తోంది, క్లిప్పు అవతలి వైపు ఉండిపోయింది. క్లిప్పు లేని అమ్మాయి ఎవరు? చెల్లెలి కుడి చెంప కూడా అలాగే ఖాళీగా ఉంటుంది. ఈమె ఎడమ చెంప చూపిస్తోంది కాబట్టి అక్క అని పాఠకుడు లెక్క కట్టుకోవాలి. కథ చదివేవాడు అంత లెక్క కట్టడు, పొరబడి ముందుకు పోతాడు. తెలిసిన చిత్రకారుడు ఇలాంటి చోట ఏదో ఒకటి చేస్తాడు. కోణం మార్చి క్లిప్పును ఇవతలికి తెస్తాడు. లేదా రెండో అమ్మాయిని కూడా అదే గడిలో ఉంచుతాడు. లేదా క్లిప్పు బదులు నడినెత్తిన రిబ్బను కడతాడు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం అచ్చులో వచ్చింది. జపాన్ పుస్తకాలు కుడి నుంచి ఎడమకు సాగుతాయి. వాటిని అమెరికాలో మొదట అచ్చువేసిన రోజుల్లో పాఠకుల సౌకర్యం కోసం పేజీని అద్దంలోలా తిప్పేసేవారు. అప్పుడు కుడిచేతివాటం వీరులంతా ఎడమచేతివాటం వాళ్లయ్యారు, ఎడమకంటి మీది గాటు కుడికంటికి మారింది. మామూలు పాత్రకు ఇది చిన్న వింత. వైపు తేడా మాత్రమే ఉన్న కవలలకైతే అసలుకే మోసం. పేజీ తిప్పగానే అక్క బొమ్మ చెల్లెలి బొమ్మగా, చెల్లెలి బొమ్మ అక్క బొమ్మగా మారిపోతాయి. తిప్పని ముఖచిత్రం మీద ఒకలా, లోపలి పేజీల్లో ఇంకోలా ఉంటారు. ఆ తర్వాత చాలామంది ప్రచురణకర్తలు తిప్పడం మానేసి, జపాన్ పద్ధతిలోనే అచ్చువెయ్యడం మొదలుపెట్టారు.

అచ్చులో బొమ్మ తిరగబడడం కొత్తేమీ కాదు. 1871 చివర్లో వచ్చిన ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’లో ట్వీడిల్‌డమ్, ట్వీడిల్‌డీ అనే బొద్దు జంట ఉంది. వాళ్ల కాలర్ల మీద ఒకరికి డమ్ అనీ, ఒకరికి డీ అనీ కుట్టి ఉంటుంది. జాన్ టెనియల్ గీసిన ఆ బొమ్మల్ని చెక్కదిమ్మల మీద చెక్కి అచ్చువేశారు. దిమ్మ మీదున్నది కాగితం మీద తిరగబడి పడుతుంది కాబట్టి ఆ అక్షరాల్ని వెనకనుంచి ముందుకు చెక్కాల్సిందే. పేరు రాసి పెట్టడం మొరటు పద్ధతిలా అనిపిస్తుంది గానీ, పొరపాటున బొమ్మ తిరగబడితే వెంటనే చెప్పేసే గుర్తు అదొక్కటే.

గాటు సంగతి వేరు. క్లిప్పు తీసి పెట్టుకోవచ్చు, గాటు తియ్యలేం. అందుకే ఒకరి స్థానంలో ఒకరు దూరే కథల్లో గాటు పనికిరాదు, లేదా కథంతా ఆ గాటును కప్పుకోవడం చుట్టూ తిరగాలి. గీతగా చూసినా గాటుకు కష్టాలున్నాయి. ముఖం చిన్నదైతే గాటు కాస్తా ముడతలాగో నీడలాగో కనిపిస్తుంది. ఒక గీతే కాబట్టి హడావిడిలో మర్చిపోవడమూ సులువే. బొమ్మను నలువైపుల నుంచీ గీసి గోడకు అంటించుకునే మోడల్ షీట్ ఇందుకే ఉంటుంది. యానిమేషన్‌లో పదిమంది చేతులు ఒకే పాత్రను గీస్తాయి కాబట్టి గాటు ఏ కంటికి, ఎంత పొడుగు, కనుబొమ్మను దాటుతుందా లేదా అన్నది ఆ కాగితమే తేలుస్తుంది.

తీసిపెట్టే గుర్తును కథగా మార్చుకున్నది బిస్కో హటోరి గీసిన ‘ఔరాన్ హైస్కూల్ హోస్ట్ క్లబ్’. 2002లో మొదలైన ఈ మాంగాలో హికారు, కావొరు కవల కుర్రాళ్లు. పాపిట ఒకరిది ఒకవైపు, ఒకరిది ఇంకోవైపు. టోపీలు పెట్టుకుని పాపిట దాచేసి, ‘హికారు ఎవరో చెప్పండి’ అని అమ్మాయిలతో ఆడుకోవడం వాళ్ల సరదా. టోపీ పెట్టగానే పాఠకుడు కూడా ఆ అమ్మాయిల స్థితిలోకి వచ్చేస్తాడు, అది హటోరి తెలివి. ఒకసారి ఇద్దరూ పోట్లాడుకుని ఒకడు జుట్టుకు గులాబీ రంగు, ఒకడు నీలం వేసుకుంటారు. తేడా ఇంత స్పష్టంగా ఉంది కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు. రాజీపడ్డాక చెప్పాపెట్టకుండా రంగులు మార్చుకుని వస్తారు. జుట్టును నమ్ముకున్నవాళ్లంతా బోల్తాపడతారు. హరుహి అనే అమ్మాయి మాత్రం ఇవాళ గులాబీ జుట్టువాడు కావొరు అని తాపీగా చెప్పేసి తన పని తాను చూసుకుంటుంది.