నాటి పాసైతే దుబాసీ అయిపోయినట్టేనా?

మహమ్మద్ నగర్ చుట్టుపక్కల రెండు భాషలు మాట్లాడటాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. ఇంట్లో తెలుగు, బాన్సువాడ బజారులో ఉర్దూ. మద్నూర్, జుక్కల్ వైపు చుట్టరికం కలిసిందంటే మరాఠీయో కన్నడమో కూడా నోటికి అలవాటవుతుంది. కాబట్టి "రెండు భాషలొస్తే చాలు, అటుది ఇటు చెప్పడానికి ఏం కష్టం?" అన్న మాట ఇక్కడ చాలా తేలిగ్గా వినిపిస్తుంది. గల్ఫ్‌కు పోయినంతకాలం ఆ మాటతో ఎవరికీ నష్టం జరగలేదు. ఆస్ట్రేలియా, అమెరికా దారి పట్టిన పిల్లలు పెరిగాకే చిక్కులు మొదలయ్యాయి. "నాటి రాస్తే ఐదు పాయింట్లు" అన్నది ఇప్పుడు ఊళ్లలో కూడా తిరుగుతున్న మాట. దాని వెంట కొన్ని అపోహలూ తిరుగుతున్నాయి.

నాటి అంటే ఆస్ట్రేలియాలో అనువాదకులకు, దుబాసీలకు ధ్రువీకరణ ఇచ్చే జాతీయ సంస్థ. 1977 నుంచీ ఉంది. అది నడిపే పరీక్షల్లో ఒకటి సీసీఎల్. మన పిల్లలు 'నాటి' అన్నప్పుడు నూటికి తొంభై సార్లు వాళ్ల మనసులో ఉండేది ఈ సీసీఎల్లే. ఆ సంస్థ ఇచ్చే అసలు ధ్రువీకరణ వేరు. ఆ తేడా దగ్గరికి తర్వాత వద్దాం.

అపోహ: తెలుగు మాతృభాష, ఐఈఎల్‌టీఎస్‌లో అన్నిట్లో ఏడు వచ్చింది. ఇక సీసీఎల్‌కు చదవాల్సిందేముంది?

ఐఈఎల్‌టీఎస్‌లో మీరు మాట్లాడేది మీ సొంత మాట. మీ ఊరి గురించి చెప్పమంటే ఏం చెప్పాలో, ఏం వదిలేయాలో మీ ఇష్టం. ఒక పదం గుర్తురాకపోతే పక్కదారిన పోయి ఇంకో రకంగా చెప్పొచ్చు. అలా తడబడకుండా పక్కకు తప్పుకోగలగడం కూడా అక్కడ భాషా సామర్థ్యమే, దానికీ మార్కులు పడతాయి. సీసీఎల్‌లో మాట మీది కాదు, ఇంకొకరిది. ఏం చెప్పాలో వాళ్లు ముందే చెప్పేశారు. మీ పని దాన్ని పూర్తిగా, పెంచకుండా తుంచకుండా, అవతలి భాషలో మళ్లీ చెప్పడం.

పరీక్ష ఆన్‌లైన్‌లో జరుగుతుంది. ఒక ఇంగ్లీషు మనిషికీ ఒక తెలుగు మనిషికీ మధ్య నడిచే సంభాషణలు రెండు వినిపిస్తారు. ఒక్కొక్కటి దాదాపు మూడు వందల పదాలు ఉంటుంది. ఆస్పత్రి, అద్దె ఇల్లు, బీమా, బడి, ఉద్యోగం, పోలీసు కేసు వంటి మామూలు విషయాలే. ఆ సంభాషణను ముక్కలు చేసి వినిపిస్తారు. ఒక ముక్క 35 పదాలు దాటదు. ముక్క అయిపోగానే మీరు రెండో భాషలో చెప్పాలి. కాగితం మీద గుర్తులు రాసుకోవచ్చు. ఒక్కో సంభాషణలో ఒక్కసారి మాత్రం, మార్కు పోకుండా, మళ్లీ వినిపించమని అడగొచ్చు.

ఒక ముక్క తీసుకుందాం. ఇది పరీక్షలో వచ్చినది కాదు, ఆ తరహాలో నేను అల్లింది. తెలుగు మనిషి క్లినిక్‌లో ఇలా అంటాడు: "మా నాన్నకు పోయిన బుధవారం రాత్రి నుంచి ఎడమ మోకాలు వాచింది. రోజుకు రెండుసార్లు మాత్ర వేసుకుంటున్నాడు, అదీ తిన్నాకే. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది."

ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన కుర్రాడు దీన్ని చక్కటి ఇంగ్లీషులో ఇలా చెప్తాడు: వాళ్ల నాన్నకు పోయిన వారం నుంచి మోకాలి నొప్పి ఉందట, రోజుకు రెండు మాత్రలు వేసుకుంటున్నాడట, అయినా తగ్గట్లేదట. వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. ఉచ్చారణ బాగుంది. ఇదే భాషా పరీక్ష అయితే మంచి బ్యాండే వచ్చేది. కానీ బుధవారం రాత్రి పోయింది. ఎడమ కాలు పోయింది. వాపు కాస్తా నొప్పి అయింది. రెండుసార్లు అన్నది రెండు మాత్రలుగా మారింది. తిన్నాక అన్న షరతు లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, తగ్గి మళ్లీ తిరగబెట్టిందన్న సంగతి అసలు తగ్గనే లేదన్నట్టు మారిపోయింది. డాక్టరుకు ఆ రెండూ ఒకటి కావు. ఇదంతా చాలదన్నట్టు "ఉందట, వేసుకుంటున్నాడట" అని కబురు చేరవేసినట్టు చెప్పాడు. దుబాసీ ఆ మనిషి గొంతుతోనే "మా నాన్నకు" అని చెప్పాలి.

నాటి మార్కులు వేసే పద్ధతే ఇది. ఒక్కో సంభాషణకు 45 మార్కులతో మొదలుపెట్టి, తప్పు జరిగినచోటల్లా తీసేస్తూ పోతారు. వదిలేస్తే కోత, లేనిది చేర్చితే కోత, అర్థం మారితే కోత. చెప్పిందే పదేపదే దిద్దుకున్నా, మధ్యలో ఎక్కువసేపు ఆగినా అదీ లెక్కలోకి వస్తుంది. మొత్తం 90కి 63 రావాలి. ఒక్కో సంభాషణలో కనీసం 29 ఉండాలి. అంటే ఒకదానిలో బ్రహ్మాండంగా చేసి రెండోదానిలో చతికిలబడితే కుదరదు.

తెలుగులోకి చెప్పేటప్పుడు బోల్తా పడేవాళ్లూ తక్కువేం కాదు. ఇంజనీరింగ్ అంతా ఇంగ్లీషులో చదివి, ఇంట్లో సగం సగం కలిపి మాట్లాడే పిల్లలకు అద్దె ఒప్పందం గురించో బీమా పరిహారం గురించో ఒక పూర్తి తెలుగు వాక్యం నోటికి రాదు. బ్యాంకు, ఆస్పత్రి, పోలీసు లాంటివి తెలుగులో కలిసిపోయిన మాటలే, వాటితో ఇబ్బంది లేదు. క్రియలు కూడా ఇంగ్లీషువే పెట్టి చివర 'చేయాలి' తగిలిస్తే అది తెలుగులోకి మార్చినట్టు కాదు. మాతృభాష అన్న ధీమా ఎక్కువగా దెబ్బకొట్టేది ఇక్కడే. నా మటుకు నేను, సీసీఎల్ రాసేవాళ్లు ముందు సాధన చేయాల్సింది తెలుగే అంటాను.

ఇంకో సంగతి కూడా చూడండి. ఆస్ట్రేలియా వీసా పాయింట్ల లెక్కలో ఐఈఎల్‌టీఎస్ అన్ని భాగాల్లో ఏడుకు 10 పాయింట్లు, ఎనిమిదికి 20. సీసీఎల్ ఐదు పాయింట్లు దాంట్లో కలవవు, విడిగా వస్తాయి. ఒకదానికి ఇచ్చినది రెండోదానికి పనికొస్తుందని ప్రభుత్వం కూడా అనుకోలేదు.

అపోహ: సీసీఎల్ పాసయ్యాం కదా, ఇక నాటి సర్టిఫైడ్ దుబాసీలమే.

కాదు. ఆ ఫలితం వీసా పాయింట్ల కోసం మాత్రమే, అదీ మూడేళ్లే చెల్లుతుంది. దాంతో దుబాసీగా, అనువాదకుడిగా పనిచేయడానికి అర్హత రాదని నాటి సంస్థే స్పష్టంగా చెప్తుంది. ముద్ర రాదు, ప్రాక్టీషనర్ నంబరూ రాదు. అయినా తెలిసినవాళ్ల జనన ధ్రువపత్రం మీద "నాటి పాస్" అని రాసి సంతకం పెట్టే ఉత్సాహవంతులు ఉంటారు. ఆ కాగితం తిరిగి వచ్చిందంటే వీసా దరఖాస్తు అంతమేర వెనకపడుతుంది.

అసలు ధ్రువీకరణ మెట్లు వేరు. ముందు శిక్షణ పొందినట్టు ఆధారం చూపాలి. ఇంగ్లీషు సామర్థ్యం చూపాలి. వృత్తి నీతి మీద ఒక పరీక్ష, సాంస్కృతిక అవగాహన మీద ఇంకో పరీక్ష ఉంటాయి. అవన్నీ దాటాకే అసలు పరీక్ష. సర్టిఫైడ్ అనువాదకుడి పరీక్షలో రెండు పాఠాలు అనువదించాలి, మూడోది ఇంకొకరు చేసిన అనువాదాన్ని దిద్దాలి. పైగా దిశ ముఖ్యం: తెలుగు నుంచి ఇంగ్లీషుకు వచ్చిన ధ్రువీకరణ ఇంగ్లీషు నుంచి తెలుగుకు చెల్లదు. ఇంత చేశాక కూడా అది శాశ్వతం కాదు. మూడేళ్లకోసారి, ఎంత పని చేశారో, వృత్తిలో ఏం కొత్తగా నేర్చుకున్నారో చూపి పునరుద్ధరించుకోవాలి.

గమనించారా, ఈ వరుసలో భాషా సామర్థ్యం ఒక మెట్టు మాత్రమే, అదీ మొదట్లో. వృత్తి నీతి పరీక్షలో అడిగేవి ఏ భాషా పరీక్షలోనూ కనిపించవు. రోగి మీతో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పిన సంగతి డాక్టరుకు చెప్పాలా? కక్షిదారు మీ ఊరివాడే అయితే ఆ పని ఒప్పుకోవాలా? ఒకే ఊరివాళ్లంతా ఒకే శివారులో ఇళ్లు తీసుకునే మన తెలుగువాళ్ల మధ్య ఈ రెండో ప్రశ్న ఉత్త పుస్తకాల ప్రశ్న కాదు.

అపోహ: అమెరికా ఆస్పత్రిలో తెలుగు భాషా పరీక్షలో మంచి రేటింగ్ వచ్చింది. అదే సర్టిఫికేషన్.

అక్కడ ఫోన్‌లో మాట్లాడించి భాషా స్థాయి తేల్చే పరీక్షలు ఉన్నాయి, తెలుగుకు కూడా ఉన్నాయి. అవి మీరు తెలుగులో ఎంత బాగా మాట్లాడగలరో చెప్తాయి. అంతే. వైద్య దుబాసీలకు ధ్రువీకరణ ఇచ్చే సీసీహెచ్‌ఐ దగ్గర ఆ ఫలితం దరఖాస్తుతో పాటు పెట్టే కాగితాల్లో ఒకటి. దాంతో పాటు కనీసం 40 గంటల దుబాసీ శిక్షణ చూపాలి. ఆ తర్వాతే పరీక్ష.

తెలుగువాళ్లు ఇక్కడ ఇంకో నిజం తెలుసుకోవాలి. ఆ సంస్థ రెండు భాషల మధ్య నోటి పరీక్ష పెట్టేది స్పానిష్, అరబిక్, మాండరిన్ భాషలకే. తెలుగు దుబాసీ రాసేది వృత్తి పరిజ్ఞానం మీద ఇంగ్లీషులో ఉండే పరీక్ష. మిగతా భాషలవాళ్ల కోసం ఇంగ్లీషులో విన్నదాన్ని ఇంగ్లీషులోనే మళ్లీ చెప్పించే పరీక్ష కూడా పెట్టారు. వినడానికి విడ్డూరంగా ఉన్నా దాని వెనక లెక్క ఉంది: విన్నది ఎంత గుర్తుంది, ఏం జారిపోయింది అన్నది భాషతో సంబంధం లేకుండా కొలవొచ్చు. కాబట్టి "అమెరికా వాళ్లు నా తెలుగు అనువాదాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చారు" అని ఎవరైనా అంటే, ఏ పరీక్షో అడగండి. ఫెడరల్ కోర్టుల ధ్రువీకరణ పరీక్ష అయితే ఇప్పుడు స్పానిష్‌కు మాత్రమే నడుస్తోంది.

అపోహ: సర్టిఫైడ్ అనువాదం కావాలన్నారంటే సర్టిఫైడ్ అనువాదకుడే చేయాలి, నోటరీ ముద్ర ఉంటే ఇంకా గట్టిది.

ఇది దేశాన్ని బట్టి మారుతుంది. ఆస్ట్రేలియాలో చేయించే అనువాదానికి నాటి ధ్రువీకరణ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లాలి. అమెరికా వలస శాఖ నిబంధన వేరు. అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని, తనకు ఆ రెండు భాషల్లో అనువదించే సామర్థ్యం ఉందని అనువాదకుడు రాసి సంతకం చేస్తే చాలు. ఏ సంస్థ ధ్రువీకరణా అడగదు. నోటరీ కూడా అక్కర్లేదు. 'సర్టిఫైడ్' అన్నది ఇక్కడ మనిషికి కాదు, కాగితానికి.

మన నోటరీ సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. 1952 నోటరీల చట్టం నోటరీకి పత్రాలు అనువదించే, అనువాదాన్ని సరిచూసే అధికారం ఇచ్చింది. ఆ చట్టం ఏ భాషా పరీక్షా పెట్టలేదు. ఆచరణలో చాలామంది ఎదుట నిలబడ్డ మనిషి సంతకాన్నే ధ్రువీకరిస్తారు. లోపలి అనువాదం ఒప్పో తప్పో ఆ ఎర్ర ముద్ర చెప్పదు. ఆ పైన వేయించే అపోస్టిల్ కూడా సంతకం, హోదా నిజమైనవని చెప్పేదే. ఈ ప్రాంతంలో పాత భూమి కాగితాలు ఉర్దూలో ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటికి ముద్రల మీద ముద్రలు వేయించి, చదివి అర్థం చేసుకోగలిగిన మనిషికి మాత్రం ఒక్కసారీ చూపించనివాళ్లు ఉంటారు.

తెలుగు జనన ధ్రువపత్రం అనువదించి అమెరికాకు పంపేవాళ్లు ముద్రల కన్నా ముందు మూడు చోట్ల చూసుకోవాలి. గుండ్రటి ముద్రలో ఉన్న గ్రామపంచాయతీ పేరు, పక్కన చేత్తో దిద్దిన అక్షరాలు కూడా అనువాదంలో ఉండాలి, ఎందుకంటే 'పూర్తిగా' అని సంతకం పెట్టింది వాటికీ కలిపే. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్న అక్షరక్రమంతో కలవకపోతే పత్రంలో ఉన్నది ఉన్నట్టే రాయాలి, అనువాదకుడు సొంతంగా సవరించకూడదు. ఇక 03-04-1996 అని ఉంటే మనకది ఏప్రిల్ మూడు, వాళ్లకు మార్చి నాలుగు. నెల పేరు అక్షరాల్లో రాయాలి.