అనంతపురం ఎర్రచేలలో మట్టి ఎటు పోతోంది?

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంత తక్కువ వానకు కూడా మట్టి కొట్టుకుపోతుందా అన్న సందేహం సహజం. పోతుంది. ఎందుకంటే ఆ వానలో చాలా భాగం కొద్దిపాటి కుండపోతల్లోనే పడిపోతుంది. అప్పటికి వేరుశనగ చేను దున్ని ఖాళీగానో, ఇంకా మొలక దశలోనో ఉంటుంది.

బోడినేల మీద పెద్ద చినుకు పడగానే మట్టిబెడ్డ చిట్లుతుంది. అందులోని సన్నని రేణువులు ఎగిరిపడి నేలలోని రంధ్రాలను పూడ్చేస్తాయి. ఎర్రనేల పైభాగం పెచ్చు కడుతుంది. ఇక నీరు ఇంకదు, పల్చగా పరుచుకుని వాలువైపు పారుతూ మట్టిని వెంట తీసుకుపోతుంది. దీన్నే పొర కోత అంటారు. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే కంటికి కనిపించదు. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోతే ఐదారు టన్నులు పోయినట్టే, అంటే దాదాపు రెండు ట్రాక్టర్ ట్రాలీలు!

పారే నీరు ఒకచోట చేరితే వేలెడు లోతు పాయలు పడతాయి. తర్వాతి దుక్కిలో అవి పూడిపోతాయి కాబట్టి నష్టం కూడా మరుగున పడుతుంది. ఏళ్ల తరబడి అదే దారిలో నీరు పారితే మాత్రం అది వంకగా మారుతుంది, నాగలి దాటలేదు. గాలి కోత సంగతి వేరు. అదే జిల్లాలో హగరి ఒడ్డునున్న కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాల్లో లేచిన ఇసుక పొలాల మీదికి వచ్చి మేట వేస్తోంది.

పొర కోతను పట్టుకోవాలంటే వాన వెలిసిన మర్నాడు చేలో వంగి చూడాలి. చిన్న రాళ్లు ఒక్కొక్కటీ మట్టి పీట మీద కూర్చున్నట్టు కనిపిస్తాయి. రాయి కింది మట్టి నిలిచింది, చుట్టూ ఉన్నది పోయింది. మొక్కల మొదళ్ల దగ్గర వేర్లు తేలడం, ఏటికేడు గరుసు పెరగడం కూడా ఆనవాళ్లే.

దీనికి అడ్డుకట్టగా వేసేది కాంటూరు గట్టు. వాలుకు అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మట్టంలో సాగాలి. నూరు మీటర్లకు మూడు మీటర్లు దిగే చేను అనుకుందాం. ఇలాంటి తక్కువ వాన ప్రాంతాల్లో, నేల 90 సెంటీమీటర్లు దిగిన ప్రతిచోటా ఒక గట్టు వేయాలన్నది లెక్క. అంటే సుమారు 30 మీటర్లకు ఒకటి. అంతకంటే దూరం పారనిస్తే నీరు వేగం పుంజుకుని కోత మొదలుపెడుతుంది. మట్టం చూడటానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. నీళ్లు నింపిన పారదర్శక పైపు చాలు.

మట్టం తప్పితే మాత్రం గట్టు లేకపోవడమే నయం. గట్టు పొడవునా నీరు పల్లం వైపు చేరి, బలహీనమైన చోట తెగుతుంది. ఆ గండిలోంచి ఒక్కసారిగా పడే నీరు కొత్త వంకను తవ్వుతుంది. అందుకే ఎక్కువైన నీరు దిగిపోయేలా రాళ్లు పేర్చిన అలుగు తప్పనిసరి. గట్టు తెగిందంటే మట్టాన్ని, అలుగును ముందు అనుమానించాలి.

నల్లరేగడిలో ఈ గట్లు పనికిరావు. ఎండకు నెర్రెలిచ్చి గట్టు పగులుతుంది, వానకు గట్టు వెనక నీరు నిలిచి పైరు ఉరకెత్తుతుంది. అక్కడ నీటిని ఆపడం కాదు, మెల్లగా నడిపించడం కావాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1970లలోనే కొద్దిపాటి వాలుతో వెడల్పాటి మళ్లు, మధ్య కాలువల పద్ధతిని నల్లరేగడిలో పరీక్షించింది. వాలు మరీ నిటారైన కొండల్లోనూ మామూలు గట్టు నిలవదు. అక్కడ వాలునే మెట్లుగా మలచాలి. పాడేరు, అరకు వైపు కనిపించే మెట్ల పొలాలు అలాంటివే.

ఇంకో చిక్కుంది. కాంటూరు రేఖకు సర్వే నంబర్లు తెలియవు. ఒకరి చేలోంచి ఇంకొకరి చేలోకి అడ్డంగా పోతుంది, మడి వంకరగా మిగులుతుంది, నాగలి తిరగదు. రైతులు అలాంటి గట్లను దున్నేశారంటే తప్పుపట్టలేం. వాళ్లు ఒప్పుకునేది సరిహద్దు గట్లను బలపరచడం, వాలుకు అడ్డంగా విత్తడం, మధ్య మధ్య గొడ్డు సాళ్లు వదలడం. కాగితం మీది కొలతకు తగ్గినా, చేలో నిలిచేవి ఇవే.

పైగా, గట్టు ఆపేది అప్పటికే కదిలిన మట్టిని. చినుకు దెబ్బను ఆపగలిగేది ఆకు మాత్రమే. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్యంలో తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లడం ఇందుకే. అలసంద, ఉలవ, జనుము, సజ్జ లాంటి రకరకాల విత్తనాలకు ఘనజీవామృతం, బంకమట్టి పట్టించి చల్లుతారు. వేసవి జల్లులకు అవి మొలిచి, అసలు వానల నాటికి నేలను కప్పుతాయి. వేరుశనగలో కంది సాళ్లు వేసినా లాభమే, కాయలు పీకిన తర్వాత కూడా చేలో కొంత పచ్చదనం మిగులుతుంది.

దీనికీ అడ్డంకి ఉంది. ఎండాకాలంలో గొర్రెల మందలు చేలన్నిటా తిరిగి మేస్తాయి. ఒక్కరి చేనే పచ్చగా ఉంటే అన్ని మందలూ అక్కడే దిగుతాయి. అందుకే విత్తనం కంటే ముందు కాపరులతో మాట్లాడుకోవాలి. ఏ చేలు ఎన్నాళ్లు మేపకూడదో, బదులుగా మేత ఎక్కడ దొరుకుతుందో ఊరంతా కలిసి తేల్చుకోవాలి.