మీకు తెలుసా? డీసీటీ కారు వేడెక్కేది స్పీడులో కాదు, పాకుడులో

నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ బయల్దేరిన కారు హైవే మీద హాయిగానే పోతుంది. పటాన్‌చెరు దగ్గర ట్రాఫిక్‌లో అడుగడుగునా ఆగుతూ కదిలేటప్పుడే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌కు అసలు పరీక్ష. అంత నెమ్మదిలో క్లచ్ పూర్తిగా పట్టుకోదు, సగం జారుతూ రాసుకుంటుంది. డ్రై క్లచ్‌కు ఆ వేడిని లాగే ఆయిల్ ఉండదు. ముందు బండి అదురుతుంది, మాడు వాసన రావచ్చు, తర్వాత వార్నింగ్ వెలుగుతుంది.

హ్యుందాయ్ 7 స్పీడ్ డ్రై డీసీటీ మాన్యువల్ ప్రకారం అప్పుడు పక్కకు ఆపి, P లో పెట్టి, బ్రేకు నొక్కి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచాలి. చాలామంది కంగారులో ముందు తాళమే తిప్పేస్తారు! P లో ఇంజన్ తిరుగుతున్నా క్లచ్ మీద చక్రాల బరువు పడదు, రాపిడి ఆగుతుంది.

ఎంతసేపు? అందరికీ ఒకే లెక్క లేదు. సాధారణంగా కొన్ని నిమిషాలు. కొన్ని మోడళ్లలో ఎన్ని నిమిషాలు ఆగాలో తెరే చూపిస్తుంది. "Trans cooled. Resume driving" అని వచ్చాకే కదలండి. అది రాకపోయినా, చల్లారిన కాసేపటికే వార్నింగ్ మళ్లీ వచ్చినా సర్వీస్ సెంటర్‌లో చూపించాల్సిందే.

ఇక జామ్‌లో ముందు బండి జానెడు జరిగితే మీరూ జరగకండి. కారంత సందు ఏర్పడ్డాక ఒక్కసారే కదలండి. ఎత్తులో బండిని యాక్సిలరేటర్‌తో నిలబెట్టొద్దు, బ్రేకుతో ఆపండి.